ఏప్రిల్ 1 ఎందుకు కుదరదంటే: మన మేనేజ్‌మెంట్‌కు ఒక బహిరంగ లేఖ

ఫిబ్రవరి 9, 2026
కాకినాడ

సీనియర్ మేనేజ్‌మెంట్ వారికి,

నమస్తే. సవరించిన షెడ్యూలు దీనికి జత చేశాను. షెడ్యూలు మీద పెట్టే కవర్ నోట్ అర పేజీకి మించకూడదని నాకూ తెలుసు. కానీ అర పేజీ నోట్లు ఇప్పటికే మూడు రాశాను. డిసెంబర్ 12న రాసినదానికి జవాబు రాలేదు. జనవరి 6న రాసినదానికి "నోటెడ్" అని ఒక్క మాట వచ్చింది. రిహార్సల్ అయ్యాక జనవరి 28న రాసినదానికి "డేట్ సంగతి తప్ప ఇంకేదైనా మాట్లాడదాం" అన్నారు. నేను మాట్లాడాల్సింది డేట్ గురించే. అందుకే ఈసారి కాస్త పొడుగ్గా రాసి అందరికీ ఒకే కాపీ పంపుతున్నాను, కాకినాడ ఆఫీసుకీ, హైదరాబాద్‌లో మీకూ, మాతో కూర్చుని పని చేస్తున్న సొసైటీ సెక్రటరీలకూ. సెక్రటరీలకు ఇందులో కొత్త సంగతేమీ ఉండదు, సగం వాళ్లు చెప్పిందే.

మన పని ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కోనసీమ, దాని చుట్టుపక్కల ఉన్న 38 వ్యవసాయ సహకార సొసైటీల లోన్ల లెక్కలు పాత సాఫ్ట్‌వేర్ నుంచి మనం రాసిన కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాలి. మార్చి 31తో పాతది ఆపేసి, ఏప్రిల్ 1న కొత్తది మొదలుపెట్టాలని మీరు ఒప్పుకున్నారు. సాఫ్ట్‌వేర్ రెడీగానే ఉంది. రెడీగా లేనిది డేటా. అది కూడా అన్ని సొసైటీలదీ కాదు, 15 సొసైటీలది. ఈ తేడా మూడు నోట్లలోనూ రాశాను, ఎవరూ పట్టించుకోలేదనే నా బాధ.

మీకు వారం వారం వెళ్లే రిపోర్టులో డేటా మైగ్రేషన్ ఎదురుగా ఆకుపచ్చ రంగు ఉంటోంది. ఆ రంగు వేసింది మా టీమే, తప్పు మాదే. కానీ ఎందుకు వేశామో వినండి. పాత లెక్కలో లోన్ల మొత్తం, కొత్త లెక్కలో లోన్ల మొత్తం రూపాయితో సహా సరిపోయాయి. ఖాతాల సంఖ్య కూడా సరిపోయింది. టాలీ అయిందని అందరం సంబరపడ్డాం. మొత్తాలు టాలీ అయినంత మాత్రాన విడివిడి ఖాతాలు సరిగ్గా ఉన్నట్టు కాదని డిసెంబర్ మొదటి వారంలో ఒక రైతు వచ్చి చూపించేదాకా మాకు తట్టలేదు.

ఆ రోజు ఒక సొసైటీలో సెక్రటరీ గారి పక్కన కూర్చుని ట్రయల్ కాపీ చూపిస్తున్నాను. అరవై దాటిన ఒకాయన దాళ్వా లోను కోసం వచ్చారు. ఎలాగూ ట్రయలే కదా, ఆయన నంబరు కొత్తదాంట్లో కొట్టి చూద్దామన్నారు సెక్రటరీ గారు. కొట్టాం. పాత లోను 101 రోజులు ఆలస్యంగా తీరినట్టు ఎర్రగా వచ్చింది. పైగా వడ్డీ బకాయి. సెక్రటరీ గారు నా వైపు చూశారు. ఆయన మాత్రం స్క్రీను వైపు కూడా చూడలేదు. బనియను జేబులోంచి పాలిథిన్ కవరు తీసి, అందులోంచి నాలుగు మడతలు పెట్టిన రశీదు తీసి బల్ల మీద పరిచారు. "ఆయ్, అక్టోబర్‌లోనే కట్టేశానండీ. దసరా వెళ్లాక, దీపావళి రోజునండీ. మీ పెట్టెకి తెలీదేమోనండీ." రశీదు మీద తేదీ 20-10-2025. లెడ్జర్ తీస్తే లోను తీసుకున్నది 7-11-2024. ఏడాది నిండడానికి ఇంకా పద్దెనిమిది రోజులు ఉండగానే కట్టేశారన్నమాట.

కొత్త సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఆ లోను తేదీ జూలై 11, 2024 అని ఉంది. నవంబర్ 7 కాస్తా జూలై 11 అయింది. రోజు, నెల తారుమారయ్యాయి. అక్కడి నుంచి ఏడాది లెక్కేస్తే గడువు 2025 జూలై 11. అప్పటి నుంచి అక్టోబర్ 20కి సరిగ్గా 101 రోజులు.

ఈ తారుమారు ఎక్కడ జరిగిందో పట్టుకోవడానికి మాకు మూడు రోజులు పట్టింది. పాత సాఫ్ట్‌వేర్ ఫాక్స్‌ప్రోది. దాని డీబీఎఫ్ ఫైలు తేదీని ఎనిమిది అంకెలుగా, ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆఖరున రోజు పెట్టి దాచుకుంటుంది. అందులో తికమకకు చోటే లేదు. దాన్ని సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా తీసినప్పుడు మనం రాసుకునే పద్ధతిలో, రోజు ముందు పెట్టి వచ్చింది. ఆ సీఎస్‌వీని ఎవరో "ఒకసారి చూద్దాం" అని ఎక్సెల్‌లో తెరిచారు. ఆ కంప్యూటర్‌లో తేదీ సెట్టింగు అమెరికా పద్ధతిలో ఉంది. అక్కడ నెల ముందు, రోజు తర్వాత. ఎక్సెల్ అడగదు, చెప్పదు, మార్చేస్తుంది. తర్వాత సేవ్ నొక్కారు. అంతే.

```
FoxPro DBF :  20241107
CSV        :  07/11/2024
Excel      :  2024-07-11
```

ఇందులో అసలు ఇబ్బంది ఏమిటంటే, అన్ని తేదీలూ పాడైతే మొదటి రోజే పట్టుకునేవాళ్లం. పాడయ్యేవి కొన్నే. 25/11/2024 లాంటి తేదీ వచ్చినప్పుడు ఎక్సెల్‌కు ఇరవై అయిదో నెల దొరకదు కాబట్టి దాన్ని ముట్టుకోకుండా అక్షరాలుగా వదిలేస్తుంది. మన స్క్రిప్ట్ దాన్ని సరిగ్గానే చదువుకుంటుంది. రోజు 12 లోపు ఉన్నవే తిరగబడతాయి. ఏడాదికి 365 రోజుల్లో అలాంటివి 144. వాటిలో మే 5, జూన్ 6 లాంటి పన్నెండు, తిప్పినా అవే. మిగిలినవి 132, అంటే నూటికి 36. ఆ 15 సొసైటీల్లో 9,600 దాకా లోన్లున్నాయి. లెక్కపెడితే అనుమానించాల్సినవి 3,450 తేలాయి. తేదీ మారినా అసలు మొత్తం మారదు కాబట్టి టాలీకి ఏమీ పట్టలేదు.

అనుమానం నిజమని ఎలా తెలిసిందో కూడా చెబుతాను, ఎందుకంటే "ఒక్క రైతు కేసు పట్టుకుని మొత్తం ప్రాజెక్టు ఆపుతావా" అని జనవరి మీటింగ్‌లో ఒకరు అన్నారు. ఆ 15 సొసైటీల లోన్లు నెలల వారీగా పేర్చి చూశాం. డెల్టాలో పంట లోన్లు ఏడాది పొడుగునా సమంగా ఇవ్వరు. సార్వాకి జూన్ నుంచి ఆగస్టు దాకా, దాళ్వాకి నవంబర్ నుంచి జనవరి దాకా. ఏప్రిల్‌లో దాళ్వా కోతలు జరుగుతుంటాయి, కాలువలు కట్టేసే రోజులు, అప్పుడు నారు పోసేదెవరు, లోను అడిగేదెవరు? మన డేటాలో ఏప్రిల్‌లో 212 లోన్లు కనిపించాయి. ఆ 212లో ఒక్కటి కూడా 13వ తేదీ తర్వాత లేదు. అన్నీ ఏప్రిల్ 6, 7, 8, 11, 12 తేదీల్లోనే, కొద్దిగా ఏప్రిల్ 1న. అంటే అవి రోజులు కావు, జూన్, జూలై, ఆగస్టు, నవంబర్, డిసెంబర్, జనవరి నెలలు. నెలలో మొదటి పన్నెండు రోజులే పని చేసి మిగతా పద్దెనిమిది రోజులు తలుపు మూసుకునే సొసైటీ ఎక్కడా ఉండదు కదా. మా టీమ్‌లో అందరికంటే చిన్నమ్మాయి, వాళ్ల నాన్నది రాజోలు దగ్గర పొలం, ఆ పట్టీ చూసి మొదట నవ్వింది. తర్వాత నవ్వలేదు.

ఏప్రిల్ లోన్లు కనీసం కంటికి కనిపిస్తాయి. ఆ పెద్దాయన లోను అలా కాదు. జూలై 11 సార్వా సీజనే, నవంబర్ 7 దాళ్వా సీజనే, రెండూ నమ్మదగ్గ తేదీలే. కంప్యూటర్ ముందు కూర్చుని అది తప్పని చెప్పగలిగే మనిషి లేడు. లెడ్జర్ తెరవాలి, లేదా ఆయన కవరు తీయాలి.

ఇక్కడ మీరు అడిగే ప్రశ్న నాకు తెలుసు, నేనూ మొదట అదే అన్నాను: తిరగబడ్డవాటిని స్క్రిప్ట్‌తో మళ్లీ తిప్పేస్తే పోలా? ప్రయత్నించాం. ఒక సొసైటీలో అనుమానం ఉన్న 100 లోన్లు తీసి లెడ్జర్‌తో పోల్చాం. 71 తప్పు, 29 ఒప్పు. స్క్రిప్ట్‌తో తిప్పాక 71 ఒప్పయ్యాయి, అప్పటిదాకా బాగున్న 29 తప్పయ్యాయి. కారణం మామూలుదే. ఆ ఫైలు ఒకే చేతి మీదుగా రాలేదు. కొన్ని నెలలు ఒక ఆపరేటర్ తన లాప్‌టాప్‌లో తీశాడు, దాని సెట్టింగు మన పద్ధతి. కొన్ని నెలలు సొసైటీ కంప్యూటర్‌లో, అది అమెరికా పద్ధతి. కరెంటు పోయి ఫైలు ఎగిరిపోయినప్పుడు కొన్ని వరుసలు చేత్తో కొట్టారు. ఏ వరుస ఎవరిదో ఫైలులో ఎక్కడా గుర్తు లేదు.

మిగతా 23 సొసైటీలకు ఈ బాధ లేదు. వాళ్ల దగ్గర అసలు డీబీఎఫ్ ఫైళ్లు భద్రంగా ఉన్నాయి, మేము ఎక్సెల్ జోలికి పోకుండా వాటి నుంచే నేరుగా మళ్లీ ఎక్కించాం, పది రోజుల్లో అయిపోయింది. ఈ 15 చోట్ల పాత కంప్యూటర్లు చెడిపోయి ఎక్సెల్ కాపీలే మిగిలాయి. ఒక చోట వరద నీళ్లు గదిలోకి వచ్చినప్పుడు లెడ్జర్లను అటక మీదికి ఎక్కించారు, కంప్యూటర్‌ను ఎక్కించలేదు. ఏది ముఖ్యమో వాళ్లకు తెలుసు అనిపించింది.

సర్వే నంబర్ల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను, జబ్బు అదే కాబట్టి. సర్వే నంబరు 10-2 అని కొడితే ఎక్సెల్ దాన్ని అక్టోబర్ 2 చేసింది, అంటే రైతు పొలం గాంధీ జయంతి అయిపోయింది. లోపల అది 45932 అనే అంకెగా కూర్చుంది, మన సాఫ్ట్‌వేర్‌కు చేరింది ఆ అంకే. వెనక్కి మార్చుకోవచ్చు కదా అంటే, మన పద్ధతి సెట్టింగు ఉన్న కంప్యూటర్‌లో 2-10 అని కొట్టినా అదే అక్టోబర్ 2, అదే 45932. రెండు వేర్వేరు పొలాలు ఒకే అంకె కింద పడ్డాయి. ఈ గొడవ మన ఒక్కరిదే కాదు లెండి, ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని 2020లో శాస్త్రవేత్తలు MARCH1, SEPT1 లాంటి మనిషి జన్యువుల పేర్లే మార్చుకోవలసి వచ్చింది. వాళ్లు పేర్లు మార్చుకోగలిగారు, మనం పొలాల నంబర్లు మార్చలేం. 148-2 లాంటివి తేదీలు కాలేవు కాబట్టి బతికిపోయాయి, చిన్న నంబర్లే దెబ్బతిన్నాయి. ఇవి 340 చిల్లర. లెడ్జర్ తెరిచినప్పుడు తేదీతో పాటే ఇవీ సరిచూసుకుంటాం, దీనికి విడిగా టైము అడగడం లేదు.

ఇప్పుడు ఈ తప్పులతోనే ఏప్రిల్ 1న మొదలుపెడితే ఎవరికి ఏమవుతుందో చెబుతాను.

1. గడువులోగా కట్టిన రైతు డబ్బు నష్టపోతాడు. మూడు లక్షల లోపు పంట లోనుకు వడ్డీ 7 శాతం, టైముకు కట్టినవాళ్లకు కేంద్రం ఇచ్చే 3 శాతం రాయితీ పోను పడేది 4 శాతమే. ఆ పెద్దాయన లోను 1,60,000. ఆలస్యం అని పడగానే 347 రోజుల మీద 3 శాతం రాయితీ పోతుంది, అది 4,560 రూపాయల చిల్లర. దానికి తోడు జూలై 11 నుంచి నవంబర్ 7 దాకా, అంటే ఆయన చేతికి డబ్బే రాని 119 రోజులకు 7 శాతం చొప్పున ఇంకో 3,650. మొత్తం 8,200 పైన. రశీదు దాచుకున్నాడు కాబట్టి ఆయన బయటపడతారు. దాచుకోనివాళ్ల మాటేమిటి?

2. బకాయి ఉన్నట్టు చూపిస్తే కొత్త లోను ఆగుతుంది. సార్వా నాట్ల ముందు లోను ఆగినవాడు ఊరికే కూర్చోడు, ఊళ్లో వడ్డీ వ్యాపారి దగ్గరికో ధాన్యం కమీషను ఏజెంటు దగ్గరికో వెళతాడు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. పంట కూడా ముందే వాళ్ల చేతికి రాసిచ్చినట్టే. మన తేదీ తప్పు వల్ల అంత దూరం జరుగుతుంది. ఆగస్టులో మనం సరిచేసి సారీ చెప్పినా ఆ అప్పు వెనక్కి రాదు.

3. తప్పు ఇంకో వైపు కూడా జరుగుతుంది, దీన్ని ఎవరూ ఫిర్యాదు చేయరు. జూలై 11న తీసుకున్న లోను నవంబర్ 7 అని పడితే, నిజంగా ఆలస్యం చేసినవాడికి నాలుగు నెలలు గడువు పెరిగినట్టు కనిపిస్తుంది. అతని పేరున సొసైటీ రాయితీ క్లెయిమ్ చేస్తుంది. తర్వాత ఆడిట్‌లో పట్టుబడితే ఆ డబ్బు తిరిగి కట్టాల్సింది సొసైటీ, సంజాయిషీ ఇవ్వాల్సింది సెక్రటరీ. సాఫ్ట్‌వేర్ తప్పు అని ఆయన చెబితే ఎవరు నమ్ముతారో మీరే ఆలోచించండి.

ఇక మార్చే రాత్రి సంగతి. ఏప్రిల్ 1న వార్షిక లెక్కల కోసం కౌంటర్లు మూసి ఉంటాయి కాబట్టి ఆ రోజు అనుకూలం అని మీరు ఎంచుకున్నారు, ఆ ఆలోచన తప్పు కాదు. మార్చి 31 మంగళవారం రాత్రి 8 నుంచి ఏప్రిల్ 2 గురువారం ఉదయం 9 దాకా 37 గంటలు దొరుకుతాయి. కానీ రిపబ్లిక్ డే ముందు వచ్చిన శని, ఆదివారాల్లో మేము చేసిన రిహార్సల్‌లో 38 సొసైటీల డేటా ఎక్కడానికే 31 గంటలు పట్టింది. ఎక్కాక సరిచూసుకోవడానికి 11. మొత్తం 42. అంటే అంతా సవ్యంగా జరిగినా గురువారం మధ్యాహ్నం 2 దాటుతుంది, అప్పటికి కౌంటరు ముందు జనం ఉంటారు. ఏదైనా తేడా వస్తే పాతదానికి వెనక్కి వెళ్లడానికి ఇంకో 6 గంటలు కావాలి. అంటే "ముందుకా వెనక్కా" అనే నిర్ణయం 31వ గంటకల్లా తీసుకోవాలి, సరిచూడటం అప్పుడే మొదలై ఉంటుంది. ఏమీ చూడకుండా తీసుకునే నిర్ణయం అది.

ముహూర్తం ముందు పెట్టేసి పెళ్లికొడుకును తర్వాత వెతుక్కోవడం మనమే చేస్తున్న పని కాదు. 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో టీఎస్‌బీ అనే బ్యాంకు ఖాతాలన్నీ దాదాపు ఒకే దెబ్బకు కొత్త సిస్టమ్‌కు మార్చింది. 19 లక్షల మంది కస్టమర్లు తమ ఖాతాలు తెరవలేక ఇబ్బంది పడ్డారు. 2022 డిసెంబర్‌లో అక్కడి నియంత్రణ సంస్థలు 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి. ఏం జరిగిందో తేల్చడానికి వేసిన విచారణ పట్టుకున్న లోపాల్లో ఒకటి, ఆఖరి తేదీ ముందు ఖాయం చేసుకుని అక్కడి నుంచి వెనక్కి షెడ్యూలు రాసుకోవడం. మన ప్లాన్ మొదటి పేజీ తెరిచి చూడండి, అదీ ఏప్రిల్ 1 దగ్గరే మొదలై వెనక్కి నడుస్తుంది.

"మనుషుల్ని ఇస్తాం, పది మందిని తీసుకో, డేట్ మాత్రం కదపకు" అన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. మనసారా అన్నారు, థాంక్స్. కానీ ఇక్కడ కొరత ప్రోగ్రామర్లది కాదు. పని ఏమిటంటే, సొసైటీలో లెడ్జర్ తెరిచి ఒకరు చదవాలి, ఒకరు కొట్టాలి. ఆ చేతిరాత, ఆ కొట్టివేతలు, పక్కన ఎర్ర సిరాతో పెట్టిన గుర్తులు సెక్రటరీ గారికో క్లర్కుకో తప్ప అర్థం కావు. ఒక సొసైటీలో "పై. వా." అని ఉంటే పైకం వాపసు అనుకున్నాం మేము, అది పైడి వారి ఇల్లట, ఇంటిపేరు. అలా ఒక జంట గంటకు 15 లోన్లు చూడగలదు, రోజుకు అయిదు గంటలు లెడ్జర్ దొరికితే 75. 3,450 లోన్లకు 46 రోజులు, రెండు జంటలు పెడితే 23 పని దినాలు. రెండు కంటే ఎక్కువ పెట్టలేం, ఎందుకంటే సొసైటీకి ఒక్కో లెడ్జర్ ఒక్కటే ఉంటుంది, పాత చేతిరాత చదవగల క్లర్కులు మొత్తం 15 సొసైటీలకీ కలిపి నలుగురే తేలారు.

ఆ లెడ్జర్ మార్చిలో దొరకదు. మార్చి అంటే వసూళ్ల నెల. సెక్రటరీలు పొద్దున ఊళ్లు తిరిగి రాత్రి లెక్కలు రాసుకుంటారు, లెడ్జర్ వాళ్ల చంకలోనే ఉంటుంది. ఫిబ్రవరిలో అడిగి చూశాం. ఒక సెక్రటరీ గారు మర్యాదగానే, "రండి బాబూ, కాఫీ తాగి వెళ్లండి, పుస్తకం మాత్రం ఏప్రిల్‌లో అడగండి" అన్నారు. ఆయన్ను తప్పుపట్టలేం. ఏప్రిల్ 6 నుంచి ఇస్తామని పదిహేను మందీ మాట ఇచ్చారు.

కాబట్టి మేము అడుగుతున్నవి ఇవి:

1. 38 సొసైటీలనూ ఒకే రోజు మార్చే ప్లాన్ వదిలేయండి. 23 సొసైటీలను ఏప్రిల్ 20 సోమవారం మొదలుపెడదాం. డేటా సిద్ధంగా ఉంది, ఎక్కించడానికి 19 గంటలు చాలు, శని సాయంత్రం నుంచి సోమవారం ఉదయం లోపు సరిచూసుకోవడానికీ, అవసరమైతే వెనక్కి రావడానికీ టైము మిగులుతుంది. అంటే వీళ్లకు గడువు జరిగేది మూడు వారాల లోపే. క్లయింటుకు మీరు ఇచ్చిన మాటలో ఎక్కువ భాగం ఇక్కడే నిలబడుతుంది.

2. మిగిలిన 15 సొసైటీలకు జూన్ 8. ఏప్రిల్ 6 నుంచి లెడ్జర్ పని, సెలవులు పోను మే మొదటి వారానికి అవుతుంది. మే 9, 10 తేదీల్లో ఒక రిహార్సల్, తేలినవి సరిచేసుకుని మే 23, 24 తేదీల్లో రెండోది. రెండో రిహార్సల్ తర్వాత ప్రతి సొసైటీలో సెక్రటరీ గారు తనకు నచ్చిన 50 ఖాతాలు ఏరి లెడ్జర్‌తో పోల్చాలి, ఆ ఖాతాలు మేము ఎంచకూడదు. ఒక్క తేదీ తప్పు వచ్చినా ఆ సొసైటీ ఆగుతుంది, మిగతావి వెళతాయి.

3. జూన్ 8 కూడా తప్పిపోతే వారం వారం జరుపుకుంటూ పోవద్దు, అక్టోబర్‌కు వేయండి. జూన్ మధ్య నుంచి కాలువ నీళ్లు, నారుమళ్లు, లోన్ల రద్దీ. ఆ మూడు నెలల్లో సొసైటీ సాఫ్ట్‌వేర్ మార్చడమంటే నాట్లు వేసే రోజున నాగలి బాగు చేయడమే. ఈ మాట క్లయింటుకు ఇప్పుడే చెబితే వాళ్లూ అర్థం చేసుకుంటారు, వాళ్లదీ ఇదే నేల.

4. వారం రిపోర్టులో రంగులు తీసేసి రెండు అంకెలు పెట్టండి: లెడ్జర్‌తో పోల్చిన లోన్లు ఎన్ని, వాటిలో తప్పు తేలినవి ఎన్ని. ఈ రోజుకు మొదటిది 100, రెండోది 71. ఆకుపచ్చ అని రాసిన వారం కూడా అంకెలు ఇవే.

5. నలుగురు క్లర్కులకు లెడ్జర్ పనికి రోజు భత్యం ఇవ్వాలి, వాళ్లు మన కోసం సాయంత్రం దాకా కూర్చుంటారు. పది మంది కొత్త ప్రోగ్రామర్లకు మీరు అనుకున్న ఖర్చులో ఇది చిన్న ముక్క.

ఆలస్యం వల్ల కంపెనీకి నష్టం లేదని నేను అనడం లేదు. ఒప్పందంలో ఆలస్యానికి కోత ఉందని విన్నాను, ఎంతో నాకు తెలియనివ్వలేదు. 15 సొసైటీల బిల్లు పది వారాలు వెనక్కి పోతుంది, పాత సాఫ్ట్‌వేర్‌కు ఆ పది వారాలు మనమే సపోర్టు ఇవ్వాలి, దానికి నా టీమ్‌లో ఇద్దరు కావాలి. ఇవి జత చేసిన షెడ్యూలులో వేశాను. డిసెంబర్‌లోనే నేను రిపోర్టులో ఆకుపచ్చ తీసేసి ఉంటే ఈ మాటలు ఇంకాస్త ముందు మాట్లాడుకునేవాళ్లం, అది నా మీద పెట్టుకోవచ్చు.

ఫిబ్రవరి 16 సోమవారం లోపు అవును అనో కాదు అనో రాతపూర్వకంగా చెప్పండి. 17న సెక్రటరీలతో మీటింగ్ ఉంది, ఏప్రిల్ 6కు లెడ్జర్లు అడగాలా వద్దా అక్కడ తేల్చుకోవాలి. కాదు అంటే, ఏప్రిల్ 1న ఈ డేటాతో మొదలుపెట్టమని మీ సంతకంతో ఉత్తర్వు ఇవ్వండి, 3,450 లోన్ల పట్టీ దానికి జత చేస్తాను.

హైదరాబాద్ నుంచి ఎవరైనా ఒకరు 17న వస్తే ఇంకా మంచిది. మీటింగ్ ఆ సొసైటీలోనే, రావులపాలెం వంతెన దాటాక గంట ప్రయాణం. ఆ పెద్దాయన దాళ్వా లోను పాత సాఫ్ట్‌వేర్‌లోనే ఇచ్చారు కాబట్టి ఆగలేదు, ఆ రోజు ఆయనా వస్తానన్నారు. కవరు తెమ్మని సెక్రటరీ గారు ముందే చెప్పారు.

ఇట్లు,
టీమ్ లీడ్, డేటా మైగ్రేషన్
కాకినాడ ఆఫీసు